రివర్ట్ బ్యాక్ అన్నాను, నా ఫామ్ వెనక్కి పోయింది

మార్చి మొదటి వారంలో నేనొక మెయిల్ రాశాను. మొత్తం ఆరు వాక్యాలు. రాసి, మూడుసార్లు చదువుకుని, స్పెల్లింగు చూసుకుని పంపాను. స్పెల్లింగు తప్పు ఒక్కటీ లేదు, వ్యాకరణం కూడా దాదాపు సరిగానే ఉంది. అయినా ఆ ఆరు వాక్యాల్లో నాలుగింటిని అవతలివాళ్లు ఇంకోలా అర్థం చేసుకున్నారు. అందులో రెండు నా కోర్సుకే ఎసరు పెట్టబోయాయి. గోడపత్రికకి ఈసారి ఏమైనా రాయమని మేడమ్ అడిగితే ఇదే రాస్తానన్నాను. మన క్లాసులో చాలామంది వచ్చే ఏడాది ఇలాంటి మెయిళ్లు రాయబోతున్నారు కదా. తెలుగు గోడపత్రిక కాబట్టి ఇంగ్లీషు ముక్కల్ని కూడా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా, కాస్త నెమ్మదిగా చదవండి.

సంగతి ఇది. విదేశంలో ఒక విశ్వవిద్యాలయం వేసవిలో ఆన్‌లైన్‌లో భాషల కోర్సు ఒకటి నడుపుతుంది. ఇంటర్వ్యూలో నెగ్గితే ఫీజులో మినహాయింపు ఇస్తారు. అది రాకపోతే ఆ ఫీజు మా ఇంట్లో కట్టగలిగేది కాదు. నా ఇంటర్వ్యూ ఏప్రిల్ 18న అని చెప్పారు. మన పరీక్షలు ఏప్రిల్ 22న మొదలవ్వాలి కాబట్టి నాకు ఇబ్బంది లేదు. తీరా చూస్తే పరీక్షల్ని 16కి లాగేశారు. 18న నాకు పేపరుంది. పైగా అప్లికేషన్‌లో నా పేరు తప్పు పడింది. మన మద్రాసు అలవాటు ప్రకారం ముందు ఒక ఇనీషియలు, తర్వాత పేరు రాసి ఊరుకున్నాను. వాళ్లకి ఇంటిపేరు విడిగా, పూర్తిగా కావాలి. సైట్‌లోకి వెళ్లి అది సరిచేసి, విషయమంతా చెబుతూ మెయిల్ పెట్టాను.

నేను రాసిన వాక్యాలు వరసగా ఇవి. ఐ హావ్ నో అరియర్స్. అవర్ ఎగ్జామ్స్ ఆర్ ప్రీపోన్డ్. సో కైండ్లీ ప్రీపోన్ మై ఇంటర్వ్యూ ఆల్సో. ఐ హావ్ ఎ డౌట్ ఇన్ ద ఫీ వేవర్. ఐ హావ్ కరెక్టెడ్ మై నేమ్ ఇన్ ద ఫామ్. కైండ్లీ రివర్ట్ బ్యాక్ ద సేమ్ అండ్ డూ ద నీడ్‌ఫుల్.

మన కాలేజీ ఆఫీసులో ఎవరికి చూపించినా బాగుందనే అంటారు. నాక్కూడా అలాగే అనిపించింది.

రెండు రోజుల్లో జవాబొచ్చింది, చాలా మర్యాదగా. మీరు కోరినట్టే ఇంటర్వ్యూని ఏప్రిల్ 25కి వాయిదా వేశాం అన్నారు. మీరు కోరినట్టే ఫామ్‌ని మార్పులకు ముందున్న రూపానికి తెచ్చాం అన్నారు. ఫీజు మినహాయింపు మీద మీకు నమ్మకం లేకపోతే దానికి దరఖాస్తు చేయనక్కర్లేదు, అది మీ ఇష్టం అన్నారు. 25న కూడా నాకు పేపరుంది. ఫామ్ తెరిచి చూస్తే మళ్లీ పాత ఇనీషియలే కూర్చుని ఉంది. నేను అడిగినవన్నీ చేశారు, ఒక్కటీ నేననుకున్నది కాదు. ఏడుపొకటే తక్కువ.

మా పెద్దత్త కూతురు ఎనిమిదేళ్లుగా ఇంగ్లండులో లీడ్స్‌లో ఉంటోంది. ఆ వదినకి రెండు మెయిళ్లూ పంపాను. పది నిమిషాల్లో ఫోన్ చేసింది. ముందు నవ్వింది, నేను నవ్వకపోయేసరికి ఆపింది. "నువ్వు రాసింది ఇంగ్లీషే. కానీ ఇక్కడివాళ్లు ఆ మాటల్ని వేరే పనికి వాడతారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్లకి తెలిసిన అర్థంతోనే చేశారు పాపం" అంది. తర్వాత గంటసేపు ఒక్కో మాటా విప్పి చెప్పింది. ఆమె చెప్పినదీ, ఆ తర్వాత లైబ్రరీ నిఘంటువుల్లో నేను వెతికి చూసుకున్నదీ కలిపి రాస్తున్నా.

ముందు రివర్ట్. లాటిన్‌లో వెర్టెరే అంటే తిప్పడం, తిరగడం. ముందున్న రి అంటే వెనక్కి. రెండూ కలిస్తే వెనక్కి తిరగడం. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఈనాటికీ ఆ మాటకి అదే అర్థం: మునుపటి స్థితికి పోవడం. కౌలు గడువు తీరాక భూమి సొంతదారుకి రివర్ట్ అవుతుంది. మానేసిన అలవాటుకి మనిషి రివర్ట్ అవుతాడు. కంప్యూటర్ ఫైల్లో చేసిన మార్పులు తీసేసి పాత ప్రతికి తెస్తే అదీ రివర్టే. జవాబివ్వడం అనే అర్థం మన దేశంలో, సింగపూర్, మలేషియా ఆఫీసుల్లో బాగా పాతుకుపోయింది. ఇప్పుడు కొన్ని నిఘంటువులు కూడా దాన్ని భారతీయ ఇంగ్లీషు అని గుర్తు పెట్టి చేర్చుకున్నాయి. అంటే మన మధ్య అది తప్పేం కాదు. అయితే లీడ్స్‌లో ఆఫీసు బల్ల ముందు కూర్చున్న మనిషి ఆ గుర్తు చూసి మన మెయిల్ చదవదు కదా.

స్కూల్లో మా ఇంగ్లీషు మాస్టారు రివర్ట్ బ్యాక్ అని రాస్తే బ్యాక్‌ని ఎర్రసిరాతో కొట్టేసేవారు. రిలోనే వెనక్కి ఉంది, మళ్లీ బ్యాక్ ఎందుకు, రెండుసార్లు చెప్పినట్టవుతుంది అనేవారు. ఆయన చెప్పింది నిజమే. కానీ ఆ దిద్దుబాటు వల్ల నా ఫామ్ బతికేది కాదు. బ్యాక్ తీసేసి కైండ్లీ రివర్ట్ ద సేమ్ అని రాసినా వాళ్లు అదే చేసేవాళ్లు. చిక్కు బ్యాక్‌లో లేదు, రివర్ట్‌లోనే ఉంది. పైగా ద సేమ్ అని తగిలించాను. దాని ముందు వాక్యంలో ఫామ్ ఉంది, కాబట్టి ద సేమ్ అంటే ఫామ్. ఫామ్‌ని రివర్ట్ చెయ్యండి అంటే పాత రూపానికి తీసుకుపొమ్మనే కదా! నేనడిగింది మాత్రం, ఫామ్ చూసి జవాబు రాయమని. దానికి కావలసింది రిప్లై అన్న చిన్న మాట. ప్లీజ్ రిప్లై బై 20 మార్చ్ అంటే ఏ దేశంలోనైనా ఒకటే అర్థం. కొంచెం చనువున్న చోట ప్లీజ్ లెట్ మీ నో అన్నా చాలు.

ఇది వింటుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా నాన్నవాళ్లు మూడు తరాల కిందట నెల్లూరు వైపు నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడ్డ తెలుగువాళ్లు, అమ్మది తమిళం. పెళ్లయ్యాక అమ్మ తెలుగు నేర్చుకుంది, చక్కగా మాట్లాడుతుంది. ఒకసారి నెల్లూరులో ఉన్న పెద్దత్తకి మా ఇంట్లోంచి కొంత డబ్బు సర్దారు. కొన్నాళ్లకి అత్త ఫోన్ చేసి, వచ్చే నెల పంపనా అని అడిగితే అమ్మ, "డబ్బు అవసరం లేదు వదినా" అంది. తమిళంలో అవసరం అంటే తొందర. తొందరేం లేదు, నిదానంగా ఇవ్వండి అని అమ్మ ఉద్దేశం. తెలుగులో అవసరం అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. అత్త సంతోషించి ఊరుకుంది. అమ్మ ఏడాది ఎదురుచూసింది. చివరికి నాన్న కల్పించుకోవాల్సి వచ్చింది.

అమ్మ నిజంగా తెలియని తమిళ మాటేదో అని ఉంటే అత్త, అంటే ఏంటమ్మా అని అడిగేది. అవసరం తనకి తెలిసిన మాటే కాబట్టి అడగలేదు. రివర్ట్ కూడా అలాంటిదే. అరియర్స్, డౌట్ కూడా అంతే. చదివేవాళ్లకి ఎక్కడా అడ్డు తగలదు, తమ అర్థం పెట్టుకుని ముందుకు పోతారు. పొరపాటు జరిగిందని వాళ్లకీ తెలియదు, మనకీ తెలియదు.

ప్రీపోన్ సంగతి వేరు. ఇది వాళ్లకి తెలియని మాట. లాటిన్ పోనెరే అంటే పెట్టడం. పోస్ట్ అంటే తర్వాత, అందుకే పోస్ట్‌పోన్ అంటే తర్వాతకి పెట్టడం. ప్రీ అంటే ముందు. ప్రీపోన్ అంటే ముందుకి పెట్టడం. లెక్క సరిపోయింది, మాట కూడా ముచ్చటగా ఉంది. దీన్ని మనవాళ్లే పుట్టించారని అందరూ అంటారు గానీ, 1913లోనే న్యూయార్క్ టైమ్స్ పత్రికకి ఉత్తరం రాసిన ఒకాయన పోస్ట్‌పోన్‌కి జోడీగా ఈ మాట ఉండాలని ప్రతిపాదించాడు. అక్కడ అది నిలవలేదు. మన దేశంలో మాత్రం కాలేజీ నోటీసు బోర్డు నుంచి రైల్వే ప్రకటన దాకా పాకింది. నాకైతే ఈ మాటంటే ఇష్టం. ఒక్క మాటలో అయ్యేదానికి ఇంగ్లీషువాళ్లు మూడు మాటలు వాడుతున్నారు, అది వాళ్ల లోటు.

అయినా తెలియని మాట కనబడితే మనిషి ఏం చేస్తాడు? తీరిక ఉంటే అడుగుతాడు. తీరిక లేకపోతే దగ్గర్లో ఉన్న తెలిసిన మాటకి లాక్కుంటాడు. నా మెయిల్ చదివిన ఆమె, పాపం పోస్ట్‌పోన్‌ని తప్పు టైప్ చేసింది ఈ పిల్ల అనుకుంది. పరీక్షలు పోస్ట్‌పోన్ అయ్యాయి, కాబట్టి ఇంటర్వ్యూ కూడా పోస్ట్‌పోన్ కావాలి. చక్కగా అతికిపోయింది! సరిగ్గా తలకిందులైన అర్థం వచ్చినా వాక్యంలో ఎక్కడా అనుమానం రాలేదు. నేను పరీక్ష పాత తేదీ, కొత్త తేదీ రెండూ రాసి ఉంటే అక్కడే దొరికిపోయేది. ఒక్క అంకె కూడా రాయలేదు.

సరే, ప్రీపోన్ బదులు ఏం రాయాలి? నేను వెంటనే మూవ్ ఫార్వర్డ్ అన్నాను. వదిన వద్దంది. మనం తెలుగులో పరీక్షలు ముందుకు జరిగాయంటే తేదీ దగ్గరైందనే అర్థం. ఇంగ్లీషులో ఫార్వర్డ్ అంత గట్టిది కాదు. బుధవారం మీటింగుని రెండు రోజులు ఫార్వర్డ్ చేశారు, అది ఇప్పుడు ఏ రోజు అని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంగ్లీషు మాట్లాడేవాళ్లని అడిగితే కొందరు సోమవారం అంటారు, కొందరు శుక్రవారం అంటారు. ఇది వాళ్ల పరిశోధనల్లో పేరుపడ్డ ప్రశ్నే. బ్రింగ్ ఫార్వర్డ్ అంటే ఇంగ్లండులో ముందు తేదీకి తేవడమనే అర్థం, కానీ చదివేది ఇంకో దేశం మనిషైతే ఆ భరోసా లేదు. కాబట్టి దిక్కు చెప్పే మాటల్ని నమ్ముకోకుండా రెండు తేదీలూ రాసెయ్యడం మేలు. ఫ్రమ్ 18 ఏప్రిల్ టు 11 ఏప్రిల్. కావాలంటే ఎర్లియర్ అన్న మాట కలపొచ్చు, దానికి రెండో అర్థం లేదు. నెల పేరు అక్షరాల్లోనే రాయాలి. 11/4 అని రాస్తే అమెరికాలో అది నవంబరు 4 అయి కూర్చుంటుంది.

డౌట్ దగ్గర మన తెలుగువాళ్లకి ఒక సులువుంది. క్లాసులో మేడమ్ "సందేహాలేమైనా ఉన్నాయా?" అంటే మనకి అర్థం కానిది అడగమని. తమిళంలో సందేగం కూడా అంతే. ఆ సందేహాన్ని ఇంగ్లీషులోకి తీసుకెళ్లి డౌట్ అన్నాం. ఇంగ్లీషు డౌట్ మాత్రం మన అనుమానానికి దగ్గర, అపనమ్మకం పాలు ఎక్కువ. ఐ హావ్ ఎ డౌట్ ఇన్ ద ఫీ వేవర్ అంటే మీ ఫీజు మినహాయింపు మీద నాకు నమ్మకం లేదన్నట్టు వినిపించింది. ఉచితంగా ఇస్తామన్నవాళ్ల ముఖం మీద ఆ మాట అన్నానని తెలిసి నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అడగాల్సింది ఉంటే క్వశ్చన్ అనాలి. ఇంకా మంచిది, ఆ ప్రశ్న ఏదో అక్కడే అడిగెయ్యడం. నేను డౌట్ ఉంది అన్నానే గానీ ఏమిటో రాయనే లేదు, ఇప్పుడు చూస్తే నాకే విచిత్రంగా ఉంది.

అరియర్స్ మన తమిళనాడు సొత్తు. తప్పిన పేపరుకి ఇక్కడ అరియర్ అంటాం. నెల్లూరులో మా అత్త కొడుకు బ్యాక్‌లాగ్ అంటాడు, సప్లీ అంటాడు. ఒకే కష్టానికి సరిహద్దు దాటగానే పేరు మారిపోతుంది! దేశం దాటితే అర్థమే మారిపోతుంది. అక్కడ అరియర్స్ అంటే కట్టకుండా మిగిలిన బాకీ, అద్దెదో అప్పుదో. నాకు పేపర్లేమీ మిగల్లేదని గొప్పగా చెప్పుకుంటే, ఎవరికీ బాకీ లేనని వాళ్లు చదువుకుని ఉంటారు. ఐ హావ్ పాస్డ్ ఆల్ మై ఎగ్జామ్స్ సో ఫార్ అంటే గొడవ లేదు. పాస్డ్ ఔట్ అని మాత్రం రాయకండి. మా అక్క తన బయోడేటాలో డిగ్రీ పూర్తిచేశాననడానికి అలాగే రాసింది. మామూలుగా వాళ్లకి ఆ మాట వినగానే తోచేది స్పృహ తప్పి పడిపోవడం. గ్రాడ్యుయేటెడ్ అని మార్పించాను.

డూ ద నీడ్‌ఫుల్ మాత్రం మనం కల్పించింది కాదు. ఒకప్పుడు ఇంగ్లండువాళ్లు రాసుకున్నదే, వాళ్లు మానేశారు, మనం దాచుకున్నాం. దానివల్ల అర్థం తిరగబడదు గానీ, ఏం చెయ్యాలో అవతలివాళ్లే ఊహించుకోవాలి. నా విషయంలో ఊహించుకున్నారు, ఫలితం చూశారు కదా. చేయాల్సిన పనినే పేరుపెట్టి అడిగితే ఆ మాటతో అవసరం ఉండదు. తెలుగర్థంలోనే లెండి.

ఇంకొకటి, నవ్వొచ్చేది. ఫామ్‌లో అత్యవసరానికి ఇంకొకరి నంబరు, బంధుత్వం అడిగారు. అమ్మ పక్కన కూర్చుని మా పిన్ని నంబరు చెప్పి, బంధుత్వం దగ్గర కో-సిస్టర్ అని రాయించింది. తోటికోడలికి దక్షిణాదిన మనం కట్టుకున్న మాట అది, తోడల్లుడికి కో-బ్రదర్ లాగా. ఇంగ్లీషులో తోటికోడలికే ప్రత్యేకించిన మాట లేదు. కచ్చితంగా చెప్పాలంటే హజ్బెండ్స్ బ్రదర్స్ వైఫ్ అని విడమరిచి చెప్పుకోవాల్సిందే. వదిన మొదట, మఠంలో ఉండే సిస్టరా అని అడిగి ఏడిపించింది. అయినా ఫామ్ నాది, అమ్మది కాదు. నాకు ఆమె ఆంట్, అంతే.

ఆ రాత్రే రెండో మెయిల్ రాశాను. ముందు, నా మాటల వల్ల గందరగోళం జరిగింది, క్షమించండి అన్నాను. తర్వాత ఒక్కో విషయానికి ఒక్కో వాక్యం. మై ఎగ్జామ్స్ నౌ బిగిన్ ఆన్ 16 ఏప్రిల్, నాట్ 22 ఏప్రిల్. కుడ్ యు ప్లీజ్ గివ్ మి యాన్ ఎర్లియర్ ఇంటర్వ్యూ, ఆన్ 11 ఏప్రిల్ ఆర్ బిఫోర్? ఐ హావ్ పాస్డ్ ఆల్ మై ఎగ్జామ్స్ సో ఫార్. ఐ హావ్ వన్ క్వశ్చన్: డజ్ ద ఫీ వేవర్ కవర్ ద ఫైనల్ టెస్ట్? ఐ విల్ కరెక్ట్ మై నేమ్ ఇన్ ద ఫామ్ టునైట్. ప్లీజ్ కీప్ ద న్యూ వర్షన్. ప్లీజ్ రిప్లై బై 20 మార్చ్.

పంపేముందు వదినకి చూపిస్తే ఒక చిట్కా చెప్పింది. మన మెయిల్‌ని తెలుగులో పైకి చదువుకోవాలట, కానీ మన అర్థంతో కాదు, నిఘంటువులో మొదట ఉన్న అర్థంతో. నా పాత మెయిల్‌ని అలా చదివి చూశాను. నాకు బాకీలు లేవు, మీ మినహాయింపు మీద నాకు అనుమానం, ఫామ్‌లో పేరు దిద్దాను, దయచేసి దాన్ని మునుపటిలా చేసెయ్యండి. అలా చదివాక వాళ్లు నన్నింకా భరించినందుకు దండం పెట్టాలనిపించింది. ఈ చిట్కాకి ఒక లోటుంది. ప్రీపోన్‌లాంటివి దొరుకుతాయి, రివర్ట్‌లాంటివి మాత్రం నిఘంటువు తెరిస్తేనే దొరుకుతాయి, తెరవాలని మనకి తోచదు. అందుకే రోజూ వాడేసే మాటల్నే ముందు చూసుకుంటున్నాను.

మర్నాడే జవాబొచ్చింది. ఇంటర్వ్యూ ఏప్రిల్ 10న పెట్టారు. మినహాయింపులో చివరి పరీక్ష ఫీజు కలవదని చెప్పారు, అది ముందే తెలియడం మంచిదైంది, నాన్న ఆ మేరకు సర్దుకున్నారు. కోర్సులో సీటొచ్చింది. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా పడింది.

నిన్న హాస్టల్ నోటీసు బోర్డు మీద ఇంటర్నల్స్ ప్రీపోన్ అయ్యాయని కాగితం అంటించారు. అందరం చదివాం, అందరికీ అర్థమైంది, అందరం తిట్టుకున్నాం. దాన్ని మార్చమని నేనేం అడగలేదు.